గజస్నానం మీద నా అభ్యంతరం

మొగల్రాజపురంలో మా సందు రోడ్డును నీళ్ల పైపు కోసం తవ్వారు. నెల తర్వాత పూడ్చారు. ఎవరికి పుణ్యం తోచిందో గానీ, ఒకరోజు శుభ్రంగా ఊడ్చారు కూడా. మర్నాడు పొద్దున్నే ఇసుక ట్రాక్టర్ ఒకటి వచ్చి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చల్లుకుంటూ పోయింది. ఎదురింటి మాస్టారు అరుగు మీద నుంచి చూసి, "గజస్నానమయ్యా, గజస్నానం!" అన్నారు. ఆయన రిటైరైన తెలుగు లెక్చరర్. ఆయన నోట మాట వస్తే సందులో అప్పీలు ఉండదు.

ట్రాక్టర్‌ను తిట్టండి, నాకేం ఇబ్బంది లేదు. మధ్యలో ఏనుగేం చేసింది?

ఈ అపవాదు ఇప్పటిది కాదు. భాగవతం ఆరో స్కంధంలో పరీక్షిత్తు, పాపం చేయడం, ప్రాయశ్చిత్తం చేసుకోవడం, మళ్లీ పాపం చేయడం కుంజరశౌచం లాంటిదని శుకమహర్షితో అంటాడు. స్నానం చేసి ఒడ్డెక్కగానే ఏనుగు ఒళ్లంతా దుమ్ము పోసుకుంటుంది కాబట్టి ఆ స్నానం దండగ అని లెక్క. ప్రతివాది వాదన వినకుండానే ఇచ్చిన తీర్పు ఇది. ఇన్ని వందల ఏళ్లలో ఒక్క మనిషైనా, స్నానం ఎందుకు చేశావమ్మా, దుమ్ము ఎందుకు పోసుకున్నావమ్మా అని ఏనుగు వైపు నుంచి ఆలోచించలేదు.

నా చిన్నప్పుడు సర్కసు వాళ్ల ఏనుగును కృష్ణ ఒడ్డుకు తీసుకొచ్చి కడగడం చూశాను. మావటి పడుకోబెట్టి, కొబ్బరి పీచుతో గంటసేపు తోమాడు. అది లేచి ఒడ్డుకొచ్చి ముందు కాలితో ఇసుకను రెండుసార్లు గీరింది. రేగిన ఇసుకను తొండం కొసతో పోగుచేసి, వంపులో పట్టుకుని, తల పక్కనుంచి వీపు మీదికి విసిరింది. ఒక దోసెడు ఎడమకు, ఒక దోసెడు కుడికి, తర్వాత ఒకటి పొట్ట కిందికి. ఎక్కడ పడాలో అక్కడే పడింది. మావటి నుదురు కొట్టుకున్నాడు. మేం నవ్వాం. ఆ రోజు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి, ఈ వ్యాసాన్ని ప్రాయశ్చిత్తం అనుకోవచ్చు. పరీక్షిత్తు క్షమించుగాక.

అసలు సంగతికొస్తే, ఏనుగుకు చెమట పట్టదు. గోళ్ల దగ్గర తప్ప చర్మంలో చెమట గ్రంథులు లేవు. నూనె గ్రంథులూ లేవు. పైగా మూడు నాలుగు టన్నుల ఒళ్లు. పళ్లెంలో వడ్డించిన పప్పు మనం అన్నం కలిపేలోపే చల్లారుతుంది. అదే పప్పు పెళ్లి గుండిగలో ఉంటే, ఆఖరి బంతి లేచినా మూతి కాలుతూనే ఉంటుంది. గుండిగలో పప్పు ఎక్కువ, దాని బరువుతో పోలిస్తే గాలి తగిలే మేర తక్కువ. ఏనుగు నాలుగు కాళ్ల గుండిగ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో ఉంటూ, రోజుకు మూడు సార్లు స్నానం చేసి కూడా మనం "అబ్బా, ఉక్క!" అంటున్నాం. చెమటే పట్టని ప్రాణి ఏం చేయాలి?

నీళ్లు పోసుకుంటే చాలదా అని మాస్టారు అడగొచ్చు. చాలదు. ఎండలో నీళ్లు చప్పున ఆరిపోతాయి, ఆరాక మళ్లీ మొదటికొస్తుంది. మన చలివేంద్రంలో కుండను చూడండి. ఉత్త నీళ్లు చిలకరించి వదిలేయరు, తడి గోనెసంచి చుడతారు. గోనె తడిని పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదులుతుంది, ఆ ఆవిరితోపాటు కుండలో వేడీ పోతుంది. ఏనుగు ఒంటి మీద బురద ఆ గోనెసంచే. దాన్ని నిలబెట్టడానికే చర్మం నిండా అన్ని ముడతలు. ఆఫ్రికా ఏనుగుకైతే ముడతలే కాదు, కంటికి ఆనని సన్నని పగుళ్ల వల కూడా ఉంటుంది. ఆ చర్మం నున్నటి చర్మం కంటే అయిదు నుంచి పదింతలు తడిని నిలుపుకుంటుందని జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో లెక్క తేల్చారు. మన ఆసియా ఏనుగుకు అంత సన్నపు పగుళ్లు లేవు, ముడతలతోనే సర్దుకుంటుంది.

మరి పొడి దుమ్ము ఎందుకు? అది ముఖ్యంగా గొడుగుకు. చోటును బట్టి రెండున్నర సెంటీమీటర్ల దాకా మందం ఉన్నా, ఆ చర్మం ఎండకు కమిలిపోతుంది, దోమ కుడితే తెలుస్తుంది. మీద నుంచి పడే ఎండంతా వీపుకే. తోక వెనక భాగం దాకానే అందుతుంది, చెవులు మెడ దాకానే. నడి వీపున జోరీగ వాలితే తోలే దిక్కు లేదు. కాబట్టి అక్కడే దుమ్ము పడాలి. ఒళ్లు తడిగా ఉన్నప్పుడు వేస్తేనే అది అంటుకుంటుంది, పొడి ఒంటి మీద వేస్తే జారిపోతుంది. అందుకే స్నానం చేసిన వెంటనే! మనం వెక్కిరించిన ఆ తొందరలోనే పనితనమంతా ఉంది. ఇంగ్లండులో ఒక జంతుశాలలో ఆసియా ఏనుగుల్ని గమనిస్తే, వాతావరణంలో వేడి పెరిగేకొద్దీ దుమ్ము పోసుకోవడమూ పెరిగింది. వట్టి దురలవాటే అయితే చలికాలమూ పోసుకోవాలి కదా.

బురద ఎండి బిరుసెక్కాక ఏనుగు వెళ్లి చెట్టుకో బండకో ఒళ్లు రుద్దుకుంటుంది. ఆ పెళ్లలతోపాటు చచ్చిన చర్మం రాలుతుంది, అందులో ఇరుక్కున్న పిడుదులు కొన్నీ ఊడతాయి. అన్నీ పోతాయని చెప్పను, ఏనుగు తరఫు వకీలు అబద్ధమాడకూడదు. భోగి నాడు అమ్మమ్మ నలుగు పెట్టి, ఆరనిచ్చి, చర్మం ఊడేలా రుద్దిందే, ఆ పద్ధతే ఇది. ఇప్పుడు పార్లర్లలో ముల్తానీ మట్టి మొహానికి పూసి, కదలొద్దని, మాట్లాడొద్దని చెప్పి, చివర్లో బిల్లు ఇస్తున్నారు. ఏనుగుకు బిల్లు లేదు, అంతే తేడా.

సిమెంటు గచ్చు మీద గొలుసుకు కట్టేసిన ఏనుగుకు ఈ సుఖం ఉండదు. గీరడానికి మట్టి లేదు, రుద్దుకోవడానికి చెట్టు లేదు. చచ్చిన చర్మం పొరలు పొరలుగా పేరుకుని, ఎండి బిరుసెక్కి పగులుతుంది. అప్పుడు ఆ పని మావటి పీచు పట్టుకుని రోజూ చేయాలి. నిగనిగలాడుతూ, దుమ్ము రేణువు లేకుండా నిలబడ్డ ఏనుగును చూసి మనం దండం పెడతాం. దాని కాళ్ల కింద నేలను కూడా ఒకసారి చూడండి.

ఈ వాదనంతా పట్టుకుని మొన్న సాయంత్రం మాస్టారి గుమ్మం ఎక్కాను. ఆయన అప్పుడే రెండో స్నానం ముగించి బయటికొచ్చారు. మెడ మీద, చంకల దాకా, బనీను పైకి కనిపించేలా పౌడరు తెల్లగా పోసుకుని ఉన్నారు. తడి మీదే వేసినట్టున్నారు, గడ్డలు కట్టింది.

"గజస్నానమా మాస్టారూ?" అన్నాను.

ఆయన తన మెడ తడుముకున్నారు. వేళ్లకు అంటిన పౌడరును చూసుకున్నారు.

"షష్ఠీ తత్పురుషం," అన్నారు. "విగ్రహవాక్యం గజము యొక్క స్నానము. అందులో దుమ్ము ప్రస్తావన ఎక్కడుందయ్యా? కూర్చో, మజ్జిగ తెప్పిస్తాను."