అద్దెదారుడి వీడ్కోలు, దాని కర్మకాండ

అద్దె ఇంట్లో దిగడం తేలికే. టులెట్ బోర్డు చూసి, రెండు నెలల అడ్వాన్స్ చేతిలో పెట్టి, పాలు పొంగిస్తే అయిపోయింది. వెళ్లిపోతానని చెప్పడం మాత్రం మహాపరాధం. ఆ నేరానికి ఈమధ్యే హైదరాబాద్‌లో శిక్ష అనుభవించాను కాబట్టి అధికారికంగానే రాస్తున్నాను.

అద్దె 18,000, అడ్వాన్స్ 36,000. అగ్రిమెంటులో ఒక నెల ముందు నోటీసు అని రాసుంది. జూన్ 3న, ఇంటి ఓనరు మెట్ల మీద ఎదురైతే, 'అంకుల్, వచ్చే నెల మొదట్లో ఖాళీ చేస్తాం' అన్నాను. ఆయన నవ్వి తల ఊపారు. ఆ తల ఊపుడుకు 'సరే' అని అర్థం చెప్పుకోవడం నా మొదటి తప్పు.

జూలై 1న అసలు అర్థం తెలిసింది. 'నెల అంటే ఒకటో తారీకు నుంచి బాబూ. మూడున చెబితే అది జూలై లెక్కలోకే వస్తుంది. పైగా ఆషాఢం, ఇల్లు చూడ్డానికి పిట్ట కూడా రాదు.' మే 31న వాట్సాప్‌లో 'జూన్ 30న ఖాళీ చేస్తున్నాం' అని ఒక్క ముక్క పెట్టుంటే 18,000 మిగిలేవి. నెల ఎక్కణ్ణుంచి మొదలవుతుందో అగ్రిమెంటులో లేదు, నోటిమాటకు సాక్ష్యం లేదు. రెండు ఇళ్లకు ఒకే నెలలో అద్దె కట్టాను. ఆ నెలంతా నన్ను నేను జమీందారు అనుకున్నాను.

జూలై 31న తనిఖీ. అంకుల్ టార్చితో వచ్చారు, పట్టపగలు. కుళాయిలు తిప్పారు, గీజర్ వేశారు, మేకులు లెక్కపెట్టారు. ఏడు. మేం కొట్టినవి మూడే అంటే ఒప్పుకోలేదు. తర్వాత హాలు మూలలో ఆగారు. గోడ మీద అరచేయంత చెమ్మ మరక.

'ఇదీ మీ వల్లే. 4,000.'

దిగిన రోజున ఫొటోలు తీసుకోవాలని అందరూ చెబుతారు. నేనూ తీశాను, 112. అన్నీ స్టవ్వు మీద పొంగుతున్న పాలవి. గోడ ఫొటో ఒక్కటీ లేదు. ఆశ వదిలేసుకుని ఫోన్‌లో వెనక్కి జరుపుతుంటే మా ఆవిడ 'ఆగండి' అంది. నలభయ్యో ఫొటోలో, పాలగిన్నె పట్టుకుని నవ్వుతున్న మా అత్తగారి భుజం వెనక, అదే మరక. పైన తేదీ, టైముతో సహా. పక్కనే నాలుగు మేకులు కూడా. అంకుల్ కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు. 'మీ అత్తగారు బాగా పడ్డారు' అని మాత్రం అన్నారు. 4,000 కోత పోయింది, మేకులు మూడుకు దిగాయి.

కరెంటు బిల్లు ఇంకా రాలేదని 2,000 పట్టుకుంటామన్నారు. ఇద్దరం కిందికి దిగి మీటరు ఫొటో తీసి, పోయిన బిల్లు రీడింగ్ తీసేసి లెక్కవేస్తే 640 తేలింది.

ఇక తాళాలు. ఇచ్చినవి మూడు, నా దగ్గరున్నవి రెండు. మూడోది పనిమనిషి దగ్గర ఉండి, ఆమెతో పాటే ఊరెళ్లింది. తాళం మార్చాలని 500. ఇది న్యాయమే, గొడవ పడలేదు. కానీ అసలు నాటకం గేటు దగ్గర జరిగింది. 'ముందు తాళాలివ్వు, డబ్బు రెండు రోజుల్లో వేస్తా' అన్నారాయన. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇల్లు స్వాధీనం చేసుకునేటప్పుడే, కోతలు పోను, అడ్వాన్స్ ఇచ్చేయాలంటుంది. ఆ సంగతి అంకుల్‌కు వినిపించాను. 'నమూనా కదా' అన్నారు. మాట నిజమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అది నమూనాయే. కాబట్టి చట్టాన్ని పక్కన పెట్టి గుత్తిని వేలికి తగిలించుకుని నిలబడ్డాను. తాళాలు చేయి దాటాక ఆ రెండు రోజులు 'కొత్తవాళ్లు దిగాక'గా మారతాయని తోటి అద్దెదారులు చెప్పి ఉన్నారు. వ్యాను డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. చివరికి నా ఫోన్ టింగుమంది. తాళాలు ఆయన అరచేతిలో పడ్డాయి.

వచ్చింది 16,560. రంగులకు 18,000 కోత, అగ్రిమెంటులో నా సంతకం ఉంది కాబట్టి నోరెత్తలేదు. మేకులకు 300, కరెంటుకు 640, తాళానికి 500.

పది రోజులకు, పాత అడ్రసుకు వచ్చిన కొరియర్ కోసం వెళ్లాను. కొత్తవాళ్లు తలుపు తీశారు. గోడలకు అదే పాత రంగు, మూలలో అదే మరక. నేను వంద రూపాయలు కట్టిన మేకుకు వాళ్ల క్యాలెండరు వేలాడుతోంది.