గోధుమ రంగు కనిపించిందల్లా బీడు కాదు

“ఉపగ్రహ చిత్రం చూడటానికి చదువు అక్కర్లేదు. నీలం నీరు, పచ్చ పంట, గోధుమ రంగు బీడు, సన్నని తెల్ల గీత రోడ్డు. ఫోనులో గట్టు వెంట గీత గీస్తే పొలం ఎంతో, హద్దు ఎక్కడో తేలిపోతుంది. అందరికీ పంపండి.”

ఈ నెలలో ఈ సందేశం నాకు ఆరోసారి వచ్చింది. పంపినవారిలో పొలం పనులు తెలిసినవారు కూడా ఉండటం నాకు ఎక్కువ బాధ కలిగించింది.

నీటి సంగతి ముందుగా చూద్దాం. చెరువు నీలంగా కనిపించడం అరుదు. లోతైన తేట నీరు దాదాపు నల్లగా, వరద తర్వాతి బురద నీరు దుక్కి మట్టిలా, గుర్రపు డెక్క కమ్మిన చెరువు పచ్చని మడిలా కనిపిస్తాయి. కాబట్టి రంగును వదిలి ఆకారాన్ని చూడాలి: ఒక పక్క కట్ట నున్నగా సాగి, ఎదుటి పక్క అంచు నేల వాలును బట్టి వంకరటింకరగా ఉంటే అది చాలావరకు చెరువే. అనుమానం తీరకపోతే ఉపగ్రహ చిత్రాలు చూపే Copernicus Browser అనే వెబ్‌సైటులో False Color ఎంచుకోవాలి. సమీప పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది కనుక తేట నీరు నల్లగా, ఆ కాంతిని బలంగా తిప్పికొట్టే పైరు ఎర్రగా వస్తాయి. నీటిని కమ్మిన డెక్క కూడా అక్కడ ఎర్రగానే వస్తుంది కాబట్టి ఆకారాన్ని చూడక తప్పదు.

తెల్ల గీత రోడ్డే కానక్కర్లేదు, ఎండిన కాలువ కూడా కావచ్చు. దీనిపై ఇంతకుమించి చెప్పవలసింది లేదు.

అసలు హాని “గోధుమ రంగు బీడు” అన్న మాటతోనే ఉంది. ఆ సందేశంతో వచ్చిన చిత్రంలో మూడు చోట్ల ఎర్ర సున్నా చుట్టి బీడు అని రాశారు. ఆ మూడు చోట్లనే సెంటినెల్-2 ఉపగ్రహం ఏడాది పొడవునా తీసిన చిత్రాలలో వరుసగా చూశాను. మొదటి చోట బోసి నేల అంచులు నాలుగు వైపులా గట్ల దగ్గర తెగినట్లు ఆగిపోయాయి. గట్టును గౌరవించి ఆగే బోసితనం మనిషి పని: కోత అయినా అయి ఉండాలి, దుక్కి అయినా దున్ని ఉండాలి. నెలన్నర తర్వాతి చిత్రంలో అదే మడి నిండా పైరు ఉంది. రెండవ చోట లేత రంగు పట్టీ ఒకటి మెలికలు తిరుగుతూ, మూడు పొలాల గట్లను లెక్కచేయకుండా దాటిపోయింది. పైరు ఉన్న నెలల్లో కూడా ఆ పట్టీ మీద మాత్రం పలచగానే ఉంది. గట్లను దాటే మచ్చకు కారణం నేలలో ఉంటుంది, ఇక్కడ ఆ మెలికను బట్టి అది పూడిపోయిన పాత వాగు ఇసుక అని నా అంచనా. మూడవది కాలువ దిగువన పల్లపు మూలలో ఉంది, వేసవిలో తెల్లగా మెరిసి, వానల తర్వాత నల్లబడింది. అది చౌడు అయ్యే అవకాశం ఎక్కువ, కానీ ఆ మాట ఖాయం చేయడానికి మట్టి పరీక్ష కావాలి, చిత్రం చాలదు.

మూడింటికీ ఒకే రంగు ఉన్నా మూడింటికీ వేర్వేరు కారణాలు ఉన్నాయి, ఒక్కటీ వదిలేసిన భూమి కాదు. ఒక్క తేదీ చిత్రం పట్టుకుని మొదటి మడిని బీడుగా రాస్తే, విత్తడానికి దుక్కి దున్నుకున్న రైతు ఆ పంట కాలానికి కాగితం మీద సాగుదారు కాకుండా పోతాడు. చిత్రం ఏ తేదీదో కూడా చూడకుండా ఇటువంటి మాటను వందల మందికి పంపడం బాధ్యత లేని పని, దానికి మెత్తని పేరు పెట్టడం నా వల్ల కాదు.

గట్టు వెంట గీత గీయడం గురించి మాత్రం ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ పద్ధతిని నేను చాలాకాలం పూర్తిగా కొట్టిపారేశాను, అది నా పొరపాటు. గట్లు స్పష్టంగా కనిపించే మంచి చిత్రంలో, వంద మీటర్లు పొడవూ వెడల్పూ ఉన్న పొలం చుట్టూ గీసిన గీత ప్రతి వైపూ ఒక మీటరు బయటికి జరిగినా, 10,000కు బదులు 10,404 చదరపు మీటర్లు వస్తుంది. నాలుగు శాతం తేడా అంటే విత్తనాల, ఎరువుల అంచనాకు సరిపోతుంది. అదే పొరపాటు 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు ఉన్న మడిలో జరిగితే 1,000 కాస్తా 1,134 అవుతుంది, అంటే పదమూడు శాతం పెరుగుతుంది. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క పది మీటర్లు పొడవూ వెడల్పూ ఉన్న నేల కనుక ఆ మడి మొత్తం పది చుక్కల్లో ముగిసిపోతుంది, దానిలో గట్టును వెతకడమే వృథా. హద్దు మాటకు వస్తే, చిత్రం మొత్తం నేల మీది అసలు స్థానం నుంచి కొన్ని మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు. అప్పుడు వైశాల్యం సరిగ్గానే వస్తుంది, గీత మాత్రం పక్కవారి పొలంలో పడుతుంది.