పన్నెండో నెల తర్వాత రెండో నెల

బిడ్డ మొదటి ఏడాది వీడియోని ఏదో ముచ్చట కొద్దీ చేసే పని అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లని క్షమించేద్దాం. అది ఇంటి అధికారిక చరిత్ర. రాసేది బాబాయి, ఆధారాలు ఉండేది నలుగురి ఫోన్లలో, ఆమోదముద్ర వేసేది అత్తయ్య. ఇంత బరువైన గ్రంథాన్ని పుట్టినరోజుకి ముందు రాత్రి పదకొండింటికి మొదలుపెట్టడం మనవాళ్ల ఆత్మవిశ్వాసానికి నిదర్శనం.

మా బంధువుల ఇంట్లో ఈ చరిత్ర మొదటి ప్రతిని చూసే భాగ్యం నాకు కలిగింది. ఒకటో నెలలో పాప పొత్తిళ్లలో కళ్లు మూసుకుని పడుకుంది. మరుక్షణం సోఫా పట్టుకుని లేచి నిలబడింది. ఆ తర్వాత అమ్మ వేలు పట్టుకుని రెండడుగులు వేసింది, బెలూన్ లాక్కుంది. వెనకాల మెత్తని పియానో మోగుతుండగా, అన్నీ సాధించేశాక ఇక జీవితంలో మిగిలిందేముందన్నట్టు మళ్లీ వెల్లకిలా పడుకుని పిడికిలి చప్పరించడం మొదలుపెట్టింది. చూస్తున్నవాళ్లలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. వరస ఆయన గమనించినట్టు లేదు.

తప్పు పాపది కాదు, బాబాయిది కూడా పూర్తిగా కాదు. ఆయన ఫైళ్లకి `nela1`, `nela2` అంటూ `nela12` దాకా బుద్ధిగా పేర్లు పెట్టుకున్నాడు. ఫోల్డర్లో అన్నీ సరైన వరసలోనే కనిపించాయి కూడా. కానీ కొన్ని ఎడిటింగ్ యాప్‌లు పేరులోని అంకెల్ని సంఖ్యలుగా కాక ఒక్కో అక్షరంగా చదువుతాయి. వాటి లెక్కలో 1 పక్కన 10, 11, 12 వచ్చాకే 2కి వంతు. దీనికి మందు చాలా చవక. పేరు ముందు రెండంకెలు వేసి `01_photo.jpg`, `01_video.mp4` అని రాస్తే చాలు. `p` ముందు, `v` తర్వాత కాబట్టి ప్రతి నెలా ముందు ఫొటో, వెనకే వీడియో వాటంతటవే వచ్చి నిలబడతాయి. ఈ ఒక్క సున్నా పెట్టడానికి ఒళ్లు బద్ధకించి, పాపని పన్నెండో నెల నుంచి రెండో నెలకి దింపడం అన్యాయం.

ఇక రెండో గండం, చాటింగ్ యాప్‌లో వచ్చిన ఫొటోలు. కెమెరా ఫొటో తీసినప్పుడు ఏ రోజు, ఏ గంటకి తీసిందో ఫైలు లోపలే రాసి పెడుతుంది. చాటింగ్ యాప్‌లు ఫొటోని కుదించి పంపేటప్పుడు ఆ రాతని సాధారణంగా తీసేస్తాయి. అవతలి ఫోన్లో మిగిలేది ఫొటో అందిన రోజు. అంటే మూడో నెలలో తీసిన ఫొటోని అత్తయ్య తొమ్మిదో నెలలో తీరిగ్గా పంపితే, కంప్యూటర్ దృష్టిలో పాప తొమ్మిదో నెలలో ఒక్కసారిగా పళ్లు పోగొట్టుకుని, మెడ కూడా నిలపలేని స్థితికి చేరుతుంది. అందుకని తీసినవాళ్ల ఫోన్ నుంచి అసలు ఫైలే తెప్పించుకోవాలి, లేదా చాట్‌లోనే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనాలి. అది కుదరనప్పుడు మిగిలేది పురావస్తు పరిశోధన. పాప వేసుకున్న ఆ పసుపు గౌను ఇంకో తేదీ ఉన్న ఫొటోలో వదులుగా ఉందా, బిగుతుగా ఉందా? కింది పన్ను కనబడుతోందా? పక్కన కూర్చున్న బొమ్మ ఎలుగుబంటి పాప కన్నా పెద్దదా, చిన్నదా? మా బాబాయి ఒక ఫొటోని ఎలుగుబంటి చెవి సాక్ష్యం మీదే ఆరో నెలకి కేటాయించాడు. అప్పటికి దాని చెవి ఇంకా ఊడలేదట.

నెలల లెక్కలో ఇంకో రాజ్యాంగ సంక్షోభం ఉంది. పుట్టిన రోజు ఫొటో ఏ నెల కింద వస్తుంది? తాతయ్య వాదన ప్రకారం అదే మొదటి నెల. అమ్మ వాదన ప్రకారం నెల నిండితేనే మొదటి నెల. న్యాయం అమ్మ పక్షాన ఉంది. పుట్టిన రోజుని సున్నా అనుకుంటే ఏడాది నిండేసరికి పన్నెండు కాదు, పదమూడు ఘట్టాలు తేలతాయి. తాతయ్య ఈ తీర్పుని ఇంకా అంగీకరించలేదు.

పదమూడు ఘట్టాలు తేలాయి కాబట్టి సంగీతం సంగతి చూద్దాం. చాలామంది ముందు ఫొటోలన్నీ పేర్చి, చివర్లో పాట అతికిస్తారు. అందుకే పాట ఒక దారిన, పాప ఒక దారిన పోతారు. నిమిషానికి 60 దెబ్బల నెమ్మదైన వాద్యసంగీతం ఎంచుకుంటే లెక్క చిన్నపిల్లలు కూడా చేయగలరు. నాలుగు దెబ్బల ఆవృతం సరిగ్గా 4 సెకన్లు. ఫొటోకి ఒక ఆవృతం, వీడియో ముక్కకి రెండు, అంటే ఒక్కో నెలకి 12 సెకన్లు. పదమూడు ఘట్టాలకి 156. మొదట్లో పేరుకి 4, చివర్లో 8 కలిపితే 168 సెకన్లు, అంటే 2 నిమిషాల 48 సెకన్లు. ప్రతి ఫొటో ఆవృతం మొదటి దెబ్బ మీద మారుతుంది కనక చూసేవాళ్లకి ఎందుకో తెలియకుండానే హాయిగా ఉంటుంది. పాట అంతకన్నా పొడవైతే చివర కత్తిరించకండి. మధ్యలో ఒకేలా వినిపించే రెండు ఆవృతాల దగ్గర కోసి కలిపితే అసలు ముగింపు దక్కుతుంది.

ఈ 2 నిమిషాల 48 సెకన్ల ప్రతిపాదన మీద ఇంట్లో తీవ్ర నిరసన వ్యక్తమైంది. నానమ్మ ఎంపిక చేసినవే నాలుగు వందల ఫొటోలట. ఒక్కోదానికి 4 సెకన్లిచ్చినా 26 నిమిషాల 40 సెకన్లు. అందులో అరవై దాకా ఒకే పూట, ఒకే దుప్పటి మీద, ఒకే భంగిమలో తీసినవి. "ఇందులో నవ్వబోతోంది, అందులో నవ్వింది, తేడా తెలీడం లేదూ?" అని ఆవిడ నిలదీశారు. తెలియడం లేదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పాటలో మాటలు ఉండకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. ఎందుకంటే మాటలు పాపకి ఉన్నాయి. ఆరో నెల వీడియోలో పాప కిలకిలా నవ్వే చోట సంగీతాన్ని 12 నుంచి 15 డెసిబెల్స్ తగ్గించి, నవ్వు అయిపోయాక అర సెకనులో మెల్లగా పైకి తేవాలి. చిక్కల్లా ఆ నవ్వు వెతకడంలోనే ఉంది. నలభై సెకన్ల వీడియో తెరిచి వింటే పెద్దవాళ్ల "ఇటు చూడమ్మా, ఇటు, ఇదిగో ఇటు" అన్న పిలుపులే వినిపిస్తాయి. పాప వాటా మూడు సెకన్లు. ఆ మూడింటికి అటూ ఇటూ కాస్త ఊపిరి వదిలి, మిగతాది కోసేయడమే. కోసేసిన భాగంలో తన గొంతు ఉందని అత్తయ్య గుర్తుపట్టింది. ప్రస్తుతం చర్చలు నడుస్తున్నాయి.

చివరి వివాదం నడక గురించి. వాళ్ల పెద్దమ్మ మనవడు పదో నెలలోనే నడిచాడు కాబట్టి మన వీడియోలో కూడా నడక ఉండి తీరాలని తీర్మానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిల్లలు ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలవ్వచ్చని, ఏడాదికి నడవకపోతే వెలితేమీ లేదని బాబాయి విన్నవించాడు. సభ అంగీకరించలేదు. దాంతో పాపని చంకల కింద పట్టుకుని నడిపించి, పట్టుకున్న చేతులు కనబడకుండా అంచు కత్తిరించిన ఒక ముక్క తయారైంది. అందులో పాప పాదాలు నేలకి రెండంగుళాల పైనే ఉన్నాయి. ఆ ముక్కని బాబాయి పన్నెండో నెలలో పెట్టాడు. పేరు మాత్రం `12_egaradam.mp4`.