మొదటి జీతానికి ముందే రెండున్నర జీతాలు

కొత్త ఊళ్లో ఉద్యోగం ఖాయమవగానే చాలామంది వేసే లెక్క ఒకటే: జీతంలో అద్దె పోగా ఎంత మిగులుతుంది? ఆ లెక్క నెలలు కుదురుకున్నాక పనికొస్తుంది. అప్పు పుట్టేది అంతకుముందే, మొదటి జీతం కోసం ఎదురుచూసే రోజుల్లో.

నెల అద్దె 100, చేతికందే జీతం 300, రోజు ఖర్చు 4 అనుకుందాం. 16న ఇంట్లో దిగి 18న చేరారు. ఆ నెల జీతాల లెక్కను ఆఫీసు 15నే కట్టేసింది. ఇలా జరిగితే మొదటి జీతం వచ్చే నెలాఖరుకే, అంటే 45 రోజులకు. ఈలోగా రెండు నెలల డిపాజిట్ 200, బ్రోకర్‌కు 100, సగం నెల అద్దె 50. పక్షం తిరిగేసరికి ఒకటో తారీఖు, మళ్లీ 100. రవాణా 30, ఇంటి సామాను 90, రోజువారీ ఖర్చు 180. మొత్తం 750, రెండున్నర నెలల జీతం.

వీటిలో ఊరు మారినందుకు పడిన అదనపు ఖర్చు 220 మాత్రమే. అద్దె, తిండి ఎక్కడున్నా తప్పవు. డిపాజిట్ మనదే, కానీ ఇల్లు ఖాళీ చేసేదాకా చేతికి రాదు. అందుకే ఖర్చు తక్కువే కదా అనుకున్నవాళ్లు కూడా నగదు లేక ఇరుక్కుంటారు. కంపెనీ ఇస్తానన్న తరలింపు భత్యం చాలాసార్లు బిల్లులు పెట్టాక జీతంతో కలిసి వస్తుంది. అవసరం తీరాక వచ్చే డబ్బది.

చేరే తేదీ ఒప్పుకునే ముందే జీతాల లెక్క ఏ తేదీన కడతారో అడగాలని మేం గట్టిగా చెబుతున్నాం. అదే ఉద్యోగంలో ఒకటో తేదీన చేరితే నిరీక్షణ దాదాపు నెలకు తగ్గుతుంది. ఆ తేదీ కుదరకపోతే భత్యంలో కొంత ముందే ఇమ్మని, లేదా రెండు వారాల బస చూపమని అడగవచ్చు. బస దొరికితే ఇల్లు చూసి, బేరమాడి తీసుకునే వ్యవధీ దొరుకుతుంది.

బ్రోకర్ రుసుము ఎంతో ఇళ్లు చూడకముందే రాయించుకోవాలి, ఒప్పందంపై సంతకాలయ్యాకే ఇవ్వాలి. డిపాజిట్ పోయేది ఎక్కువగా గోడ మరకల దగ్గర, కుళాయి లీకుల దగ్గర. దిగిన రోజే, సామాను దించకముందే, ప్రతి గదినీ, తలుపు వెనకనూ, సింకు కిందనూ, మీటరు రీడింగునూ ఫొటో తీసి ఆ సాయంత్రమే యజమానికి పంపాలి. తేదీ ఉన్న ఆ సందేశమే ఖాళీ చేసేనాడు సాక్ష్యం.

సామానులో పరుపు, పొయ్యి, బకెట్లు, కర్టెన్లు ముందు. మంచం, బీరువా జీతం వచ్చాక, మెట్ల మలుపు వెడల్పు టేపుతో కొలిచాకే.