షోకేసులో మెరుస్తున్న బంగారం ఎవరిది?

"🔴 1. ప్రపంచంలో ఒక గ్రాము బంగారం మీద వంద గ్రాముల కాగితాలు అమ్మేశారు. 2. అందరూ ఒకేరోజు బంగారం ఇమ్మంటే న్యూయార్క్, లండన్ మార్కెట్లు మూతపడతాయి. 3. మన ఎంసీఎక్స్, ఈటీఎఫ్‌లు, గవర్నమెంట్ బాండ్లు కూడా అంతే, లోపల ఏమీ లేదు. 4. అన్నీ అమ్మేసి తెలిసిన షాపులో నెలవారీ స్కీమ్ కట్టండి, అక్కడ బంగారం కళ్ళ ముందే ఉంటుంది. 5. మజ్జిగౌరమ్మ సాక్షిగా పది గ్రూపులకు పంపండి."

మా బావ పంపాడు. సాయంత్రానికి గుణుపురం నుంచి పిన్ని పంపింది. మర్నాడు బావే మళ్ళీ పంపాడు, ఈసారి "చూశావా లేదా" అని. చూశాను బావా. రాయగడలో తెలుగువాళ్ళ గ్రూపు ఏది తెరిచినా ఇదే కనిపిస్తోంది కాబట్టి ఒక్కసారి కూర్చుని జవాబు రాసేస్తున్నాను.

ఐదో పాయింటుకి జవాబు అక్కర్లేదు. అమ్మవారికి వేరే పనులున్నాయి.

మొదటిదానికి వద్దాం. బంగారాన్ని రాబోయే నెలలకి ఇప్పుడే ధర కుదుర్చుకుని కొని అమ్మే న్యూయార్క్ ఎక్స్ఛేంజీ కామెక్స్‌లో ఒక కాంట్రాక్టు అంటే 100 ట్రాయ్ ఔన్సులు, మన లెక్కలో సుమారు 3.11 కిలోలు. కొన్నవాడు ఒకడుంటే అమ్మినవాడు ఒకడుంటాడు. ఇద్దరూ మార్జిన్ అనే పూచీ సొమ్ము కడతారు, ధర కదిలినప్పుడల్లా తేడా డబ్బు ఆ రోజుకారోజు చేతులు మారుతుంది. గడువు నెల వచ్చేలోపే ఎక్కువమంది లెక్క తేల్చుకుని బయటికి వెళ్ళిపోతారు, లేదా తర్వాతి నెలకి మార్చుకుంటారు. బంగారం తీసుకోవాలని వాళ్ళు అసలు రాలేదు, ధర ఎటు పోతుందోనన్న టెన్షన్ దించుకోవడానికి వచ్చారు. కాబట్టి కాగితం లోహాన్ని మించిపోవడం అక్కడ దొంగతనం కాదు, ఆ మార్కెట్ పని అదే.

ఇక వంద అంటారా? అంతకంటే పెద్ద అంకె నేనే ఇస్తాను, తీసుకోండి. 2016 మొదట్లో ఆ నిష్పత్తి ఐదు వందలు కూడా దాటింది. డెలివరీకి సిద్ధమని వారంట్ అనే హక్కు పత్రం రాసిపెట్టిన బంగారాన్ని 'రిజిస్టర్డ్' అంటారు. అది లక్ష ఔన్సుల లోపుకి పడిపోయింది. ఇంకా లెక్క తేలని కాంట్రాక్టులు మాత్రం కోట్ల ఔన్సుల మీద ఉన్నాయి. ఈ మెసేజ్ లెక్క ప్రకారం ఆ నెలే ప్రళయం రావాలి. రాలేదు. ఎందుకంటే అవే వాల్టుల్లో, అదే నాణ్యత బార్లు 'ఎలిజిబుల్' అనే పేరుతో చాలా రెట్లు ఉన్నాయి. వాటి యజమాని అప్పటికి అమ్మకానికి పెట్టలేదు, అంతే. ధర నచ్చితే వాల్టు చేత వారంట్ రాయిస్తాడు, బార్ ఉన్నచోటు నుంచి కదలకుండానే రిజిస్టర్డ్ అయిపోతుంది. పైగా బంగారం అడిగే హక్కు గడువు దగ్గరపడిన నెల వాళ్ళకే. ఈ నిష్పత్తి వేసేవాళ్ళు మాత్రం ఏడాది తర్వాతి కాంట్రాక్టులు కూడా కలిపేసి, రిజిస్టర్డ్ ఒక్కదానితోనే భాగిస్తారు.

మార్కెట్లు మూతపడటం గురించి. అక్కడ నిజంగా ఇబ్బంది వచ్చింది 2020 మార్చిలో. కోవిడ్‌తో స్విట్జర్లాండ్ రిఫైనరీలు ఆగాయి, విమానాలు ఆగాయి. లండన్‌లో బంగారం ఉంది, కానీ 400 ఔన్సుల బార్లుగా ఉంది. న్యూయార్క్ కాంట్రాక్టుకి 100 ఔన్సుల బార్ కావాలి, లేదా మూడు కిలో బార్లు కావాలి. వాటిని కరిగించి పోసేవాడు లేడు, పట్టుకెళ్ళే విమానం లేదు. రెండు ఊళ్ళ మధ్య ధర తేడా ఔన్సుకి కొన్ని పదుల డాలర్లకి పెరిగింది. అంటే బంగారం కరువై కాదు, కావాల్సిన చోట, కావాల్సిన సైజులో లేక వచ్చిన తిప్పలు. ఎక్స్ఛేంజీ వెంటనే 400 ఔన్సుల బార్‌ని కూడా ఒప్పుకునే కొత్త కాంట్రాక్టు తెచ్చింది. కొన్ని వారాల్లో న్యూయార్క్ వాల్టులు నిండిపోయాయి. 2025 మొదట్లో అమెరికా సుంకాల భయంతో అందరూ లండన్ నుంచి న్యూయార్క్‌కి తోలుతుంటే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాల్టులోంచి బార్ బయటకు రావడానికి వారాలు పట్టింది. బార్లు ఆలస్యంగా వచ్చాయి, కానీ వచ్చాయి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. మెసేజ్ రాసినవాడు తెలిసి రాశాడో, గాలికి తగిలిందో గానీ, లండన్ మాటలో సగం నిజం ఉంది. అక్కడ బ్యాంకుల్లో నడిచే వ్యాపారంలో ఎక్కువ భాగం 'అన్‌అలొకేటెడ్' ఖాతాల్లోనే. అంటే ఫలానా నంబరు బార్ మీది అని ఎక్కడా రాసి ఉండదు, బ్యాంకు మీకు ఇన్ని ఔన్సులు బాకీ అని మాత్రమే ఉంటుంది. ఆ బ్యాంకు మునిగితే మీరు తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్ళ వరసలో నిలబడాలి. 'అలొకేటెడ్' అయితే బార్ నంబరుతో సహా మీది, బ్యాంకు పోయినా మీదే. ఇంకోటి కూడా ఉంది. గొడవ ముదిరితే ఎక్స్ఛేంజీ రూల్స్ మార్చగలదు. 1980 జనవరిలో వెండి విషయంలో కామెక్స్ "ఉన్న కాంట్రాక్టులు వదిలించుకోవచ్చు, కొత్తగా కొనడానికి లేదు" అనేసింది. లోహం కోసమే కూర్చున్నవాడికి అది గట్టి దెబ్బే.

మూడో పాయింటులో మూడు వేరు వేరు వస్తువులని ఒకే సంచిలో వేశారు. సావరిన్ గోల్డ్ బాండులో బంగారం ఇస్తామని ప్రభుత్వం ఎప్పుడూ అనలేదు. ధర ప్రకారం రూపాయలిస్తుంది, పైన ఏటా వడ్డీ, మొదటి విడతలకి 2.75 శాతం, తర్వాతివాటికి 2.5 శాతం. 2015లో గ్రాము 2,684 రూపాయలకి ఇచ్చిన మొదటి విడతకి 2023లో 6,132 రూపాయలు చెల్లించింది. అక్కడ బంగారం డెలివరీ అనే ప్రశ్నే లేదు. షేర్లలా కొని అమ్ముకునే బంగారం ఫండు ఈటీఎఫ్‌కి సెబీ నియమం ప్రకారం కస్టోడియన్ అనే దాచిపెట్టే సంస్థ దగ్గర నిజం బంగారం ఉండాలి, ఆడిటర్ చూసి రిపోర్టు ఇవ్వాలి. మీకు మాత్రం చేతికి ఇవ్వరు, యూనిట్లు అమ్ముకుని డబ్బు తెచ్చుకోవాలి. మన దేశంలో కామెక్స్ లాంటిదే ఎంసీఎక్స్, అందులో గడువు దాకా కూర్చుంటే డెలివరీ తప్పనిసరి, ఎగ్గొట్టిన అమ్మకందారుకి జరిమానా. ఫోన్ యాప్‌లో అమ్మే 'డిజిటల్ గోల్డ్' సంగతి వేరు. అది తమ నియంత్రణలో లేదని సెబీయే 2025 నవంబరులో హెచ్చరించింది. విచిత్రం ఏమిటంటే, తిట్టాల్సిన ఆ ఒక్కదాన్నీ ఈ మెసేజ్ తిట్టలేదు.

ఇప్పుడు నాలుగోది. నాకు ఒళ్ళు మండింది దీనికే.

కాగితం నమ్మొద్దని మూడు పాయింట్లు ఊదరగొట్టి, చివరికి వీళ్ళు మిమ్మల్ని ఎక్కిస్తున్నది అన్నిటికంటే పల్చటి కాగితం మీద. స్కీమ్ పాస్‌బుక్ ఏమిటి మరి? పైన లండన్ గురించి చెప్పానే, అన్‌అలొకేటెడ్ అని, అచ్చంగా అదే. కాకపోతే లండన్‌లో ఎదుట ఉన్నది బ్యాంకు, ఇక్కడ మెయిన్ రోడ్డు మీది షాపు.

ఒక లెక్క చూద్దాం. నెలకి 5,000 చొప్పున పదకొండు నెలల స్కీమ్, 300 మంది సభ్యులు. కట్టిన రోజు రేటు ప్రకారం గ్రాములు మీ పేరున రాస్తారు. 22 క్యారట్ గ్రాము మొదటి నెల 8,000 ఉండి, నెలకి 200 చొప్పున పెరిగి, పదకొండో నెలకి 10,000 అయిందనుకోండి. మీ పుస్తకంలో సుమారు 6.14 గ్రాములు పడతాయి. పన్నెండో నెల రేటు 10,200 అయితే వాటి విలువ 62,600 పైమాటే. మీరు కట్టింది 55,000. ఆ తేడా మీ లాభం, షాపు నష్టం. 300 మందికి కలిపితే 1,840 గ్రాముల బాకీ, దాదాపు 23 లక్షల గొయ్యి. మీ డబ్బు అందిన రోజే షాపువాడు ఆ మేరకు బంగారం కొనిపెట్టుకుని ఉంటే గొయ్యి లేదు. కొత్త బ్రాంచికి అడ్వాన్సు కట్టి ఉంటే ఉంది. బంగారం పెరిగితే జనం సంబరపడతారు గానీ, స్కీమ్ షాపులు మునిగేది పడినప్పుడు కాదు, పెరిగినప్పుడే.

పైగా "అందరూ ఒకేరోజు వస్తే" అన్న భయం న్యూయార్క్‌కి కాదు, ఇక్కడికి సరిపోతుంది. మాఘమాసం ముహూర్తాలు పెట్టగానే 300 మందీ అదే పదిహేను రోజుల్లో వస్తారు కదా.

కళ్ళ ముందున్న బంగారం అంటారు. చాలా షాపులు బ్యాంకు నుంచి గోల్డ్ మెటల్ లోన్ తీసుకుంటాయి, అంటే బంగారమే అప్పుగా. లేదా సరుకు మీద క్యాష్ క్రెడిట్ ఉంటుంది. అప్పుడు షోకేసులో హారం మీద మొదటి హక్కు బ్యాంకుది. షట్టర్ పడిన రోజు బ్యాంకువాళ్ళు సరుకుకి సీలు వేస్తారు, మీరు పాస్‌బుక్ పట్టుకుని బయట నిలబడతారు. బ్యాంకు డిపాజిట్‌కి ఉన్నట్టు దీనికి ఐదు లక్షల ఇన్సూరెన్సూ లేదు.

మరి బుద్ధిమంతుడైన షాపువాడు ఏం చేస్తాడో తెలుసా? 1,840 గ్రాముల 22 క్యారట్ అంటే మేలిమి బంగారం 1,690 గ్రాముల దరి. వసూలైన డబ్బంతా బంగారంలో ఇరికించకుండా, నెల నెలా పుస్తకంలో రాసిన గ్రాములకి సరిపడా ఎంసీఎక్స్‌లో గోల్డ్ మినీ అనే చిన్న కాంట్రాక్టులు కొంటూ పోతాడు. ఒక్కోటి 100 గ్రాములు, చివరికి పదిహేడు అవుతాయి. రేటు పెరిగితే మీకివ్వాల్సిన తేడా అక్కడ వస్తుంది. అంటే మీ స్కీమ్ నిలబడేది, మీరు తిట్టి ఫార్వర్డ్ చేస్తున్న ఆ కాగితం మీదే.

స్కీములన్నీ మోసం అనను. మూడు నెలల్లో పెళ్ళి ఉంటే కాగితాలన్నీ పక్కనపెట్టి నగే కొనుక్కోండి, హాల్‌మార్క్ మీద ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో చూసుకోండి. స్కీమే కట్టాలంటే రసీదు చదవండి. గ్రాములు రాస్తున్నారా, రూపాయలేనా? రూపాయలే అయితే రేటు పెరిగిన దెబ్బ మీదే, షాపుకి గొయ్యి పడదు. అందులో మోసం లేదు గానీ, బంగారం కూడబెడుతున్నానని మాత్రం అనుకోకండి. గడువు 365 రోజులు దాటితే ఆగండి. 2014 డిపాజిట్ల నియమాల ప్రకారం సరుకు కోసం కంపెనీ తీసుకునే అడ్వాన్సుకి అదే హద్దు, పదకొండు నెలల స్కీములు పుట్టింది అందుకే. "ఇంకో ఏడాది పొడిగించండి, బోనస్ ఎక్కువిస్తాం" అన్నారంటే వాళ్ళకి నగదు కటకట ఉందని అర్థం. నాణెం ఇవ్వం, ఎక్కువ తరుగు ఉన్న నగలే తీసుకోమన్నా అనుమానించాల్సిందే.

బోర్డు మీద పేరూ రసీదు మీద పేరూ ఒకటేనా అన్నది మన వైపు మరీ ముఖ్యం. రాయగడలో కడతాం, రసీదు పార్వతీపురం సంస్థ పేరున ఉంటుంది. ఒడిశాలో డిపాజిటర్ల రక్షణ చట్టం 2011ది, ఆంధ్రలో 1999ది, అధికారులు వేరు, కోర్టులు వేరు. ఫిర్యాదు ఎక్కడివ్వాలో తేలేలోపు సరుకు మారిపోతుంది. అందుకని నగదు కట్టొద్దు బావా, ఆ రసీదులో ఉన్న పేరుకే బ్యాంకు ద్వారా కట్టు.