బిల్లులో లేని నంబరు

ఫోన్ల హోల్‌సేల్ మార్కెట్లో ఒక్క పీసు కొనడానికి వెళ్లి బిల్లు అడిగితే, చాలాచోట్ల వినిపించే మాట ఒకటే: ‘బిల్లు కావాలంటే పన్ను అదనం’. షోరూములో చెప్పిన ధరకూ ఇక్కడి ధరకూ తేడా కళ్లెదుట కనిపిస్తుంటే, ఒక కాగితం కోసం ఆ తేడాను వదులుకోవడానికి మనసొప్పదు. ఉన్న ఊళ్లోనే కొంటే అది కొంతవరకు నడుస్తుంది. రేపు ఫోను మొరాయిస్తే అదే దుకాణానికి వెళ్లి నాలుగు మాటలు అడగొచ్చు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు, నాలుగు రోజుల్లో తిరిగి వెళ్లిపోయేవాళ్లకు ఆ వెసులుబాటు ఉండదు. వాళ్ల చేతిలో మిగిలేది ఆ బిల్లే. అందులో ఆ ఒక్క ఫోనుకే ఉండే గుర్తింపు సంఖ్య, ఐఎంఈఐ నంబరు లేకపోతే, ఆ బిల్లు ఏ ఫోనుకు చెందిందో చెప్పలేం.

అందుకని షోరూముల్లోనే కొనండి అనే సలహా మేము ఇవ్వబోవడం లేదు. అది తేలిక సలహా, డబ్బున్నవాళ్ల సలహా. హోల్‌సేల్‌లో ధర తగ్గడానికి న్యాయమైన కారణాలు చాలానే ఉన్నాయి. ఎక్కువ సరుకు తెచ్చుకున్న వ్యాపారి పీసుకు కొద్దిపాటి లాభం చూసుకుంటాడు. కొత్త మోడల్ రాబోతుంటే పాత సరుకును వదిలించుకోవాలనుకుంటాడు. అయితే అదే సందులో వేరే కారణాలతో ధర తగ్గిన ఫోన్లూ ఉంటాయి. అవి వేరే దేశం కోసం తయారైనవో, ఒకసారి అమ్ముడై వెనక్కి వచ్చినవో, షోరూములో డెమోకు పెట్టినవో కావచ్చు. రెండు రకాలూ ఒకే గాజు అల్మారాలో, ఒకే రకం బాక్సులో, చెక్కుచెదరని సీలుతో కనిపిస్తాయి. తేడా తెలుసుకునే పని మాత్రం కొనేవాడి మీద పడుతోంది.

ముందుగా ‘వారంటీ ఉంది’ అన్న మాటను విడదీసి అడగాలి. తయారీ కంపెనీ ఇచ్చే వారంటీ ఒకటి. దిగుమతి చేసుకున్న వ్యాపారి తన పేరుతో ఇచ్చేది ఇంకొకటి. దుకాణం తన రబ్బరు స్టాంపు వేసి ఇచ్చేది మూడోది. ఈ మూడోది ఆ దుకాణం తెరిచి ఉన్నంతకాలం, ఆ ఊళ్లో మనం ఉన్నంతకాలమే పనికొస్తుంది. ‘ఇంటర్నేషనల్ వారంటీ’ అని గట్టిగా చెప్పినా సరే, అది ఎవరు ఇస్తున్నారు, ఏ దేశాల్లో చెల్లుతుంది అన్న రెండు సంగతులు కాగితం మీద చూపించమనాలి. ఫోన్ల వారంటీని కొన్న దేశానికే పరిమితం చేసే కంపెనీలు ఉన్నాయి. అదే కంపెనీ ల్యాప్‌టాప్‌కు ప్రపంచమంతటా సర్వీసు ఇచ్చి, ఫోను విషయంలో మాత్రం కొన్న దేశానికే వెళ్లమనవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకాయన కొత్త నగరంలో అక్టోబరు 10న సీలు తీయని బాక్సులో ఫోను కొన్నారనుకోండి. వారంటీ ఏడాది. బిల్లులో ‘మొబైల్ - 1’ అని మాత్రమే ఉంది. బసకు వెళ్లి కంపెనీ వెబ్‌సైట్లో నంబరు కొట్టి చూస్తే, వారంటీ వచ్చే మే 2తో ముగుస్తుందని కనిపించింది. ఏడాది వెనక్కి లెక్కేస్తే, ఈ ఫోను ఈ ఏడాది మే మొదట్లోనే ఎక్కడో ఆన్ అయింది. అంటే అయిదు నెలలకు పైగా వారంటీ కొనక ముందే కరిగిపోయింది. మర్నాడు దుకాణానికి వెళ్తే ‘సీలు మీరే తీశారు కదా’ అంటారు. కంపెనీని అడిగితే, కొన్న తేదీకి రుజువు పంపితే వారంటీ తేదీ సరిచేస్తామని చెప్పే అవకాశం ఉంది. కొన్ని కంపెనీలు నిజంగానే సరిచేస్తాయి. కానీ ఆ రుజువులో ఫోను నంబరు ఉండాలి, అమ్మిన దుకాణం వివరాలుండాలి. ‘మొబైల్ - 1’ అన్న కాగితంతో ఆయన ఏమీ నిరూపించలేరు.

ఇక్కడ వ్యాపారి వైపు ఒక మాట చెప్పడం న్యాయం. ముందే ఆన్ అయిన ప్రతి ఫోనూ మోసం సరుకు కాదు. ఏ ప్రాంతంలో అమ్మారో ఆ ప్రాంతపు సిమ్‌తో మొదట కొద్దిసేపు మాట్లాడితే తప్ప వేరే దేశపు సిమ్ పనిచేయకుండా కొన్ని కంపెనీలు లాక్ పెడతాయి. ఆ సంగతి బాక్సు మీదే ముద్రించి ఉంటుంది. ఎగుమతి చేసే వ్యాపారులు బాక్సు తెరిచి, ఆ తంతు పూర్తిచేసి, మళ్లీ సీలు వేస్తారు. అలాంటి ఫోను కొత్తదే అయినా వారంటీ గడియారం తిరగడం మొదలై ఉండవచ్చు. ఆ సంగతి చెప్పి, దానికి తగ్గట్టు ధర తగ్గించి అమ్మితే తప్పు పట్టడానికి ఏమీ లేదు. చెప్పకుండా ‘సీల్డ్ పీస్’ అని అమ్మడమే తప్పు. ప్లాస్టిక్ చుట్టే యంత్రం ఏ ప్యాకింగ్ దుకాణంలోనైనా దొరికే రోజుల్లో సీలును సాక్ష్యంగా చూపించడం చాలించాలి.

కాబట్టి పరీక్షంతా డబ్బు చేతులు మారకముందే జరగాలి. అది కూడా ఒక వరుసలో జరగాలి. బాక్సు తెరిచి ఫోను నెట్‌కు కలిపాక మన వల్లే అది యాక్టివేట్ అవుతుంది, ఆ తర్వాత వెనక్కి తీసుకునే దుకాణాలు అరుదు. మొదటి పని బాక్సు మీద ముద్రించిన ఐఎంఈఐని గానీ సీరియల్ నంబరును గానీ కంపెనీ వెబ్‌సైట్లో చూడటం. మన సొంత ఫోనులో, మన డేటాతో, చిరునామా మనమే టైపు చేసి చూడాలి. ఐఫోన్ అయితే checkcoverage.apple.com లో సీరియల్ నంబరు ఇస్తే, కొత్త ఫోనుకు ఇంకా యాక్టివేట్ కాలేదని వస్తుంది. దుకాణం వాళ్లు చూపించే స్క్రీన్‌నూ, బాక్సు మీద విడిగా అంటించిన క్యూఆర్ కోడ్‌నూ నమ్మక్కర్లేదు. కంపెనీ పేజీని పోలిన పేజీ తయారుచేయడం పెద్ద పనేం కాదు.

ఆ తర్వాత బిల్లు. మోడల్ పేరు, మెమరీ, రంగు, ఐఎంఈఐ, దుకాణం పూర్తి పేరు, చిరునామా, తేదీ రాయించుకోవాలి. అప్పుడు కౌంటర్ దగ్గరే బాక్సు తెరిచి ఫోను ఆన్ చేసి *#06# డయల్ చేయాలి. నంబరు తెర మీద కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు వస్తాయి. బాక్సు, తెర, బిల్లు మూడింటిలోనూ అవే అంకెలు ఉండాలి. ఒక్క అంకె తేడా ఉన్నా ‘ప్రింటింగ్ పొరపాటు’ అన్న జవాబు ఒప్పుకోకూడదు. సర్వీస్ సెంటర్ వాళ్లూ ఒప్పుకోరు. ఇదంతా అయ్యాకే డబ్బు.

మూడూ కలిసినంత మాత్రాన ఫోను అసలుదని పూర్తిగా తేలిపోదు. ఐఎంఈఐలోని 15 అంకెల్లో చివరిది సరిచూసే అంకె. మిగతా 14 అంకెల నుంచి లెక్కకట్టి దాన్ని రాబడతారు. ఎవరైనా నోటికొచ్చిన నంబరు పెడితే ఈ లెక్క చాలావరకు పట్టేస్తుంది. కానీ ఒక అసలు ఫోను నంబరునే నకిలీ ఫోనులో, నకిలీ బాక్సు మీద వేస్తే లెక్క సరిగ్గానే కుదురుతుంది. అప్పుడు నంబరు వెనుక ఉన్న వివరాలే దారి చూపుతాయి. మొదటి 8 అంకెలు ఏ మోడల్‌కు కేటాయించారో చెప్పేవి. కంపెనీ పేజీలో ఒక మోడల్ కనిపించి చేతిలో ఇంకొకటి ఉంటే ఆలోచించడానికి ఏమీ లేదు. మోడల్ కలిసినా, ఆన్ చేయని కొత్త ఫోనుకు ఏడాది కిందటి యాక్టివేషన్ కనిపిస్తే అది వేరెవరి జేబులోనో ఉన్న ఫోను నంబరు అయ్యుండొచ్చు.

ఐఫోన్ కొనేవాళ్లకు ఇంకో ఆధారం ఉంది. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిస్తే మోడల్ నంబరు కనిపిస్తుంది. అది M తో మొదలైతే కొత్తగా అమ్మకానికి వచ్చినది. F అయితే కంపెనీ బాగుచేసి మళ్లీ అమ్మినది. N అయితే సర్వీసులో పాతదానికి బదులుగా ఇచ్చినది. చివర్లో గీతకు (/) ముందున్న అక్షరాలు అది ఏ దేశం కోసం తయారైందో చెబుతాయి. LL అంటే అమెరికా, J అంటే జపాన్. ఇది మామూలు విషయం కాదు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 మోడల్ నుంచి సిమ్ ట్రేనే లేదు. ఊరికి వెళ్లాక అక్కడి నెట్‌వర్క్ ఈ-సిమ్ ఇవ్వకపోతే ఆ ఫోను వైఫైకే పరిమితం.

ఇంటి సామాన్ల సంగతి కాస్త వేరు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మైక్రోవేవ్‌లకు వెనకో పక్కనో ఒక రేటింగ్ ప్లేటు ఉంటుంది. మోడల్, సీరియల్ నంబరు, వోల్టేజి, ఫ్రీక్వెన్సీ దాని మీద రాసి ఉంటాయి. ఫోను ఛార్జర్ మీద ‘100-240’ అని ఉంటుంది కాబట్టి ఎక్కడైనా నడుస్తుంది. మోటారు, కంప్రెసర్ ఉన్న సామాను సాధారణంగా ఒకే వోల్టేజికి తయారవుతుంది. జపాన్‌లో 100 వోల్టులు, అమెరికాలో 120, ఐరోపాలో 230. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుంటే సరిపోతుందని అమ్మేవాళ్లు అంటారు. అది వోల్టేజిని మారుస్తుంది గానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయలేదు. మామూలు మోటారు వేగం ఆ ఫ్రీక్వెన్సీ మీదే ఆధారపడి ఉంటుంది కనుక 60 హెర్ట్జ్‌కు తయారైనది 50 మీద తిరగాల్సినంత వేగంగా తిరగదు, పైగా వేడెక్కుతుంది. పెద్ద అక్షరాల్లో రాసే ‘పదేళ్ల వారంటీ’ని కూడా చదివి చూడాలి. చాలాసార్లు అది కంప్రెసర్‌కో మోటారుకో పరిమితం. మెషిన్ మొత్తానికి ఏడాదో రెండేళ్లో ఉంటుంది, గ్యాసు నింపే ఖర్చు, మెకానిక్ కూలీ మనవే కావచ్చు.

ఇన్ని జాగ్రత్తలు కొనేవాడికే అప్పగించి చేతులు దులుపుకోవడం సరికాదు. కంపెనీలు బాక్సు మీద వారంటీ చెల్లే దేశాలను కంటికి ఆనే అక్షరాల్లో ముద్రించాలి. తమ వెబ్‌సైట్లో వారంటీ ముగిసే తేదీతో పాటు ఫోను మొదట ఆన్ అయిన తేదీని కూడా, ఖాతా తెరవమని అడగకుండా చూపించాలి. ఆ తేదీ వాళ్ల దగ్గర ఉంది, దాని ఆధారంగానే మన వారంటీని తగ్గిస్తున్నారు. మార్కెట్ సంఘాలు ఒక నిబంధన పెట్టుకోవచ్చు. ఒక్క పీసు అమ్మినా ఐఎంఈఐ లేని బిల్లు ఇవ్వకూడదని, ఇచ్చిన దుకాణానికి సంఘమే జరిమానా వేయాలని. నిజాయితీగా అమ్ముతున్న వ్యాపారికి ఇందులో నష్టం లేదు. పక్క కౌంటర్లో డెమో పీసును కొత్తదని తక్కువకు అమ్మేవాడితో ధరలో పోటీపడలేక నలిగిపోతున్నది ఆయనే.