నీటిని 'దోడుకొనవలెను'

మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు మంచి మనిషి, లిఫ్ట్ దగ్గర కనిపిస్తే "ఏం సార్, టీ తాగారా" అంటారు. చేతికి పెన్ను అందిందా, ఇక ఆయన ఆయన కాదు. మొన్న నోటీసు బోర్డులో ఇలా రాశారు: "నివాసితులెల్లరకు తెలియజేయునది ఏమనగా, ట్యాంకు శుభ్రపరచబడు కారణమున రేపు ఉదయము 10 గంటల నుండి మధ్యాహ్నము 2 గంటల వరకు జల సరఫరా నిలిపివేయబడును. కావున ముందుగానే నీటిని తోడుకొనవలెను."

ఈ నోటీసుకు నేను పూర్తి మద్దతు ఇస్తున్నాను. "రేపు నీళ్లు రావు" అని రాస్తే ఎవడు భయపడతాడు? నీళ్లు రాకపోవడం మామూలే, జల సరఫరా నిలిపివేయబడటం మాత్రం ప్రభుత్వం పడిపోయినంత పని. పైగా 'బడు' ఉంది కాబట్టి నిలిపేసింది ఎవరో తెలీదు, తిట్టడానికి మనిషి దొరకడు.

ఒకే ఊళ్లో రాతకొక భాష, మాటకొక భాష ఉండే ఈ ఏర్పాటుకు 1959లో ఫెర్గూసన్ అనే ఆయన 'డైగ్లాసియా' అని పేరు పెట్టాడు. అందులో పై మెట్టు భాష ఎవరికీ తల్లి భాష కాదట, బడిలో నేర్చుకోవాల్సిందేనట. చిక్కంతా అక్కడే.

ఎందుకంటే చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం మా నోటీసు తప్పు. 'నీటిని' చివర ఉన్న నకారం ద్రుతం. దాని వెనక క, చ, ట, త, ప వస్తే గ, జ, డ, ద, బ అయిపోతాయి. సూరి గారి ఉదాహరణ 'పూచెను గలువలు'. ఆ లెక్కన మేం నీటిని తోడుకోకూడదు, 'దోడుకొనవలెను'. ఇది చెప్తే సెక్రటరీ గారు నన్ను అదోలా చూశారు. గిడుగు రామమూర్తి పంతులు గారు పట్టుకున్న కిటుకు కూడా ఇదే. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితుల రాతల్లోంచే వ్యాకరణ దోషాలు ఏరి చూపించారు, ఆ పుస్తకానికి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అని పేరు కూడా పెట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. ఆ రోజు మా బ్యానర్ మీద "ఎల్లరూ విచ్చేయవలెనని ప్రార్థన".

సరే, నీళ్ల సంగతి. నోటీసు చూసినవాళ్లు తక్కువ, చదివినవాళ్లు ఇంకా తక్కువ. చివరికి మా వాచ్‌మన్, మహబూబ్‌నగర్ మనిషి, ఇంటింటికీ తలుపు కొట్టాడు: "రేపు పది నుంచి రెండు దాంక నీళ్లు రావు సార్, బకెట్లు నింపి పెట్టుకోండ్రి." నలభై ఇళ్లూ బకెట్లు నింపుకున్నాయి. ఇదే మాట కాగితం మీద పెట్టొచ్చు కదా అని అడిగాను. "అలా రాస్తే పద్ధతిగా ఉండదు సార్" అన్నారు సెక్రటరీ గారు.

మర్నాడు బోర్డు మీద కొత్త కాగితం: "నోటీసు అర్థము కానివారు వాచ్‌మన్‌ను సంప్రదించవలెను."